పసిపాపకు పాలు పడటం లేదా? లాక్టోజా, ప్రొటీనా తేల్చుకునేది ఎలా

"మేడమ్, మా బాబుకు లాక్టోజ్ పడదన్నారు. ఫార్ములా డబ్బా మార్చాం, అయినా తగ్గలేదు. ఇప్పుడు ఏ డబ్బా కొనాలి?" హైదరాబాద్‌లో పిల్లల ఆహారం చూసే డైటీషియన్‌గా నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే రెండు మూడు డబ్బాలు మార్చి ఉంటారు. కొందరైతే తల్లిపాలు కూడా ఆపేసి వస్తారు. ప్రతిసారీ ఫోన్‌లో విడివిడిగా చెప్పేదాన్ని ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఇది ఏడాది లోపు పిల్లల గురించి మాత్రమే. పెద్దవాళ్లు పాలు తాగితే కడుపు ఉబ్బరం వస్తుందనే సంగతి వేరు.

ముందు ఒక్క విషయం పట్టుకుంటే మిగతాదంతా సులువు. లాక్టోజ్ అంటే పాలలోని చక్కెర. అది అరగకపోతే పేగులో పులుస్తుంది, గ్యాస్ వస్తుంది, నీళ్ల విరేచనాలు అవుతాయి. ప్రొటీన్ సంగతి అలా కాదు. దాన్ని చూసి ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ ఎదురు తిరుగుతుంది. దానివల్ల పేగు వాచవచ్చు, చర్మం మీద దద్దుర్లు రావచ్చు, కొందరికి ఊపిరి కూడా ఆడదు. లాక్టోజ్ తీసేసిన డబ్బాలోనూ ఆవు పాల ప్రొటీన్ అలాగే ఉంటుంది. ప్రొటీన్ పడని బిడ్డకు ఆ డబ్బా పోస్తే తగ్గకపోవడం వింతేమీ కాదు.

ఇంకో లెక్క చెప్తాను. తల్లిపాలలో 100 మిల్లీలీటర్లకు దాదాపు 7 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. ఆవు పాలలో 5 గ్రాములు కూడా ఉండదు. అంటే పుట్టుకతోనే లాక్టోజ్ పడని బిడ్డ ఉంటే, తల్లిపాలు తాగిన మొదటి రోజుల్లోనే విపరీతమైన విరేచనాలతో ఆస్పత్రిలో చేరాల్సి వస్తుంది. అలాంటి పిల్లలు ప్రపంచంలోనే చాలా అరుదు. రెండు నెలలు చక్కగా తాగి పెరిగిన పాపకు ఉన్నట్టుండి 'లాక్టోజ్ పడదు' అన్నారంటే, మధ్యలో విరేచనాల జబ్బు ఏదైనా వచ్చిందా అని అడగండి. రాలేదంటే ఆ మాటను అంత తొందరగా నమ్మకండి.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఒక నోటు పుస్తకం. ఫోన్‌లో రాసినా సరే, కానీ రోజూ రాయాలి.
- అనుమానంగా ఉన్న ప్రతి విరేచనానికీ వెలుతురులో తీసిన ఫొటో. డాక్టర్‌కు మన వర్ణన కంటే ఫొటోనే ఎక్కువ పనికొస్తుంది.
- బరువు చూడటానికి ఒకే చోట, ఒకే మిషన్. ఈ వారం క్లినిక్‌లో, వచ్చే వారం మెడికల్ షాపులో తూస్తే ఆ తేడాకు అర్థం ఉండదు.
- తల్లి తినే ప్రతి ప్యాకెట్ వెనుక రాసిన పదార్థాల జాబితా చదివే ఓపిక.
- పిల్లల డాక్టర్. ఈ పని మొత్తం ఇంట్లోనే జరుగుతుంది గానీ, మొదలుపెట్టే ముందు ఒకసారి డాక్టర్ బిడ్డను చూసి తీరాలి.

1. ముందు ప్రమాద సూచనలు లేవని చూసుకోండి

పాలు లేదా ఫార్ములా పట్టిన నిమిషాల నుంచి రెండు గంటల లోపు ఒళ్లంతా దద్దుర్లు లేచినా, పెదాలూ కళ్ల చుట్టూ వాచినా, దగ్గుతూ పిల్లికూతలు వచ్చినా, బిడ్డ తెల్లబడి వాలిపోయినా అది వెంటనే వచ్చే రకం అలర్జీ. 108కి ఫోన్ చేయండి. ఈ రకం బిడ్డ మీద కింద చెప్పిన ఇంటి పరీక్షలు ఏవీ చేయకూడదు. మళ్లీ పాలు ఇచ్చి చూడటం ఆస్పత్రిలో డాక్టర్ల ఎదుటే జరగాలి.

పాలు పట్టిన ఒకటి నుంచి నాలుగు గంటల్లో ఆగకుండా వాంతులై బిడ్డ పాలిపోయి నీరసించే మరో రకం ఉంది. దీనికి దద్దుర్లు ఉండవు కాబట్టి ఇంట్లోవాళ్లు ఫుడ్ పాయిజన్ అనుకుంటారు. ఇదీ ఆస్పత్రి విషయమే.

విరేచనంలో రక్తం కనిపించగానే పాలమీదే నెపం వేయకండి. బిడ్డ ఉండి ఉండి కాళ్లు ముడుచుకుని కేకపెట్టి ఏడ్చి, మధ్యలో సొమ్మసిల్లినట్టు పడి ఉండి, వాంతులు చేసుకుని, ఎర్రని జెల్లీలాంటి విరేచనం చేస్తే పేగు ఒకదానిలోకి ఒకటి దూరి ఉండవచ్చు. అది గంటల్లో తేల్చాల్సిన అత్యవసరం. జ్వరంతో రక్త విరేచనాలైతే ఇన్‌ఫెక్షన్ చూడాలి. గట్టి మలం పైన మాత్రమే ఎర్రటి గీత ఉంటే మలద్వారం దగ్గర చిన్న చీలిక కావచ్చు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డైతే ఏ రక్తపు చుక్కకైనా అదే రోజు డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. రాత్రివేళ ఎటూ తోచకపోతే రెడ్‌హిల్స్‌లో పిల్లలకు వైద్యం చేసే నీలోఫర్ ఆస్పత్రి ఉంది.

2. మూడు రోజులు ఏమీ మార్చకుండా రాయండి

ఇది అందరూ దాటవేసే మెట్టు. ఏడుపు వినలేక వెంటనే ఏదో ఒకటి మార్చేస్తాం. ఆ తర్వాత దేనివల్ల తగ్గిందో, దేనివల్ల పెరిగిందో ఎవరికీ తెలియదు. బిడ్డ బరువు పెరుగుతూ, చురుగ్గా ఉంటే మూడు రోజులు ఆగవచ్చు.

ఎన్నిసార్లు విరేచనం అయింది, ఎలా ఉంది, జిగురు ఉందా, రక్తం ఉందా, ఎన్నిసార్లు కక్కింది, చర్మం ఎలా ఉంది, ఎన్ని గంటలకు ఏం తాగింది, తల్లి ఏం తిన్నది అన్నీ రాయండి. చివరిది ముఖ్యం.

రాసిన తర్వాత చాలా ఇళ్లలో తేలేదేమిటంటే, అసలు జబ్బే లేదని. తల్లిపాలు తాగే నెల పాప రోజుకు ఎనిమిది, పది సార్లు పసుపుపచ్చగా, గింజలు గింజలుగా, పలచగా వెళ్లడం మామూలే. కాస్త పులిసిన వాసన కూడా సహజమే. ఆరు వారాల దగ్గర సాయంత్రపు ఏడుపు బాగా ఎక్కువవుతుంది, మూడు నాలుగు నెలలకు తగ్గిపోతుంది. బరువు బాగా పెరుగుతూ, రక్తం, చర్మం గరుకుగా ఎర్రబడి దురదపెట్టే ఎగ్జిమా, వాంతులు ఏవీ లేకుండా ఏడుపు ఒక్కటే ఉంటే పాలు మార్చాల్సిన పని లేదు. మొదటి మూడు నెలల్లో రోజుకు 20 నుంచి 30 గ్రాముల చొప్పున పెరుగుతుంటే బరువు బాగున్నట్టే.

3. రాసినదాన్ని పక్కపక్కన పెట్టి చూడండి

లాక్టోజ్ వైపు చూపించేవి ఇవి. విరేచనం నీళ్లలా, నురగగా, శబ్దంతో ఒక్కసారిగా వస్తుంది. పుల్లటి వాసన ఉంటుంది. ఆ పులుపు తగిలి మలద్వారం చుట్టూ చర్మం ఎర్రగా ఒరిసిపోతుంది. పొట్ట ఉబ్బి గుడగుడలాడుతుంది. రక్తం ఉండదు, దద్దుర్లు ఉండవు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇది చాలావరకు విరేచనాల జబ్బు వచ్చిన తర్వాత మొదలవుతుంది. రోటావైరస్‌లాంటివి పేగు లోపలి పొరను దెబ్బతీస్తాయి, లాక్టోజ్‌ను అరిగించే ఎంజైమ్ ఉండేది ఆ పొర మీదే.

ప్రొటీన్ వైపు చూపించేవి వేరు. విరేచనంలో జిగురు, దాంట్లో దారాల్లా రక్తం. బుగ్గల మీద, మోచేతుల మడతల్లో మందులకు లొంగని ఎగ్జిమా. తాగిన పాలు ఎక్కువగా కక్కడం, సీసా చూస్తేనే మొహం తిప్పేసుకోవడం. బరువు పెరగకపోవడం. ఇవి తరచుగా రెండు మూడు కలిసి వస్తాయి. పాలు తాగిన కొన్ని గంటల నుంచి రెండు మూడు రోజుల్లోపు ఎప్పుడైనా కనిపిస్తాయి కాబట్టి, 'పొద్దున తాగింది, రాత్రి దాకా బాగానే ఉందిగా' అనే మాట ఇక్కడ చెల్లదు.

తల్లిపాలు తాగే పాపకు ఆకుపచ్చటి నురగ విరేచనాలు అవుతూ, బరువు మాత్రం దండిగా పెరుగుతుంటే మూడో సంగతి ఉంది. పాలు ఎక్కువగా పడే తల్లి రెండు నిమిషాలకో రొమ్ము మారుస్తుంటే, బిడ్డకు మొదట వచ్చే పలచటి పాలే ఎక్కువగా పోతాయి. ఒక వైపు పూర్తిగా తాగి బిడ్డే వదిలాక రెండో వైపు ఇస్తే కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. దీనికి డబ్బా అక్కర్లేదు, మందూ అక్కర్లేదు.

ల్యాబ్ రిపోర్టుల గురించి ఒక హెచ్చరిక. 'రెడ్యూసింగ్ సబ్‌స్టెన్సెస్' అని మలం పరీక్ష ఒకటి చేస్తారు. తల్లిపాలు తాగే ఆరోగ్యమైన చంటిపిల్లల్లో కూడా అది పాజిటివ్ రావచ్చు, ఎందుకంటే కాస్త లాక్టోజ్ అరగకుండా బయటికి పోవడం వాళ్లలో సహజం. ఆ ఒక్క కాగితం చూసి తల్లిపాలు మాన్పించకూడదు. అలాగే ఆలస్యంగా వచ్చే ప్రొటీన్ అలర్జీ రక్తపరీక్షలో, చర్మం మీద గుచ్చి చేసే పరీక్షలో దొరకదు. అవి వెంటనే వచ్చే రకానికి పనికొస్తాయి. వందల ఆహారాలకు ఒకేసారి చేసే ఐజీజీ ప్యాకేజీలకు అయితే డబ్బు పెట్టకండి, అవి అలర్జీని చెప్పవు.

4ఎ. లాక్టోజ్ అనిపిస్తే

తల్లిపాలు తాగే బిడ్డకు తల్లిపాలు కొనసాగించండి. తల్లి పాలూ పెరుగూ మానేస్తే తన పాలలోని లాక్టోజ్ తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. తగ్గదు. ఆ లాక్టోజ్ తల్లి తిన్న పెరుగులోంచి వచ్చేది కాదు, రొమ్ములోనే తయారవుతుంది. కాబట్టి లాక్టోజ్ కోసం బాలింత పథ్యం చేయడం వృథా.

విరేచనాలు ఇంకా ఉంటే డాక్టర్ చెప్పినట్టు ఓఆర్‌ఎస్ పట్టండి, జింక్ 14 రోజులు పూర్తిగా వేయండి. మోతాదు ఆరు నెలల లోపు రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆపైన 20. విరేచనాలు తగ్గిన మూడో రోజే జింక్ ఆపేయడం మన ఇళ్లలో మామూలు. ఆపకండి.

ఫార్ములా మీద ఉన్న బిడ్డకు విరేచనాలు రోజుల తరబడి తగ్గకపోతే, డాక్టర్ లాక్టోజ్ లేని ఫార్ములా రాస్తారు. అది రెండు నుంచి నాలుగు వారాల మాట. పేగు పొర మానగానే ఎంజైమ్ తిరిగి వస్తుంది, అప్పుడు పాత ఫార్ములాకు మెల్లగా తిరిగి వెళ్లాలి. లాక్టోజ్ నిజంగా కారణమైతే డబ్బా మార్చిన రెండు మూడు రోజుల్లోనే తేడా తెలుస్తుంది. వారమైనా తేడా లేకపోతే ఇంకో కంపెనీ లాక్టోజ్ లేని డబ్బా కొనకండి, మళ్లీ మూడో మెట్టు దగ్గరికి వెళ్లండి.

పాలల్లో నీళ్లు ఎక్కువ కలిపి 'అరుగుతుందిలే' అని పట్టడం పెద్దవాళ్లు చెప్పే ఉపాయం. దానివల్ల లాక్టోజ్ సమస్య తీరదు, బిడ్డ మాత్రం చిక్కిపోతుంది. ఏ డబ్బాకైనా దాని మీద రాసిన కొలతే కొలత.

4బి. ప్రొటీన్ అనిపిస్తే: తీసేసి చూడటం

అక్కడక్కడా రక్తపు చార ఒకటి కనిపించి, బిడ్డ హాయిగా ఆడుకుంటూ బరువు పెరుగుతుంటే, డాక్టర్ కొన్ని వారాలు ఏమీ మార్చకుండా చూద్దాం అనవచ్చు. చాలామందికి అది దానంతటదే పోతుంది. అలా అన్న డాక్టర్‌ను నిర్లక్ష్యం అనుకోకండి.

మార్చాల్సిందే అని తేలితే గడువు రెండు నుంచి నాలుగు వారాలు. పేగు లక్షణాలు సాధారణంగా రెండు వారాల్లో తగ్గుతాయి, ఎగ్జిమాకు నాలుగు వారాలు పట్టవచ్చు.

తల్లిపాలు తాగే బిడ్డైతే బిడ్డ ఆహారం మారదు, తల్లి ఆహారం మారుతుంది. పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, పనీర్, కోవా, మీగడ అన్నీ ఆపాలి. నెయ్యిలో ప్రొటీన్ చాలా కొద్దిగానే ఉంటుంది గానీ ఈ నాలుగు వారాలు అదీ వద్దు. ఇక్కడే ఇంట్లో గొడవ మొదలవుతుంది. బాలింతకు కాయం ముద్దలో నెయ్యి, వెల్లుల్లి కారంలో నెయ్యి, 'పాలు తాగితేనే పాలు పడతాయి' అని రోజుకు రెండు గ్లాసులు. అత్తయ్యగారికి ముందే కూర్చోబెట్టి చెప్పండి: పాలు పడటానికి కావాల్సింది బిడ్డ తరచూ తాగడం, తల్లి కడుపునిండా తినడం, దాహానికి నీళ్లు తాగడం. నాలుగు వారాలు నువ్వుల నూనెతో, పల్లీ నూనెతో వండితే పాలు ఎండిపోవు.

కనపడని పాలు ఎక్కడుంటాయో చూడండి. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ అందరికీ తెలిసినవే. బిర్యానీలో మాంసం పెరుగులో నానుతుంది, హలీమ్ మీద నెయ్యి పోస్తారు, డబుల్ కా మీఠా పాలతోనే. బేకరీ బ్రెడ్డు, బన్ను, రస్కుల్లో పాలపొడి ఉండవచ్చు. ప్యాకెట్ మీద 'మిల్క్ సాలిడ్స్', 'వే', 'కేసిన్', 'కేసినేట్', 'బటర్ ఆయిల్' అని ఉంటే అవన్నీ పాలే. మన దేశంలో లేబుల్ నియమాల ప్రకారం అలర్జీ కలిగించే పదార్థాలను ప్యాకెట్ మీద చెప్పాలి కాబట్టి, 'కంటైన్స్ మిల్క్' అన్న గీత కోసం జాబితా కింద వెతకండి. అన్నం, పప్పు, సాంబారు, చారు, పచ్చళ్లు, పులిహోర, ఇడ్లీ, గుడ్డు, చేప, మాంసం కూరల్లో మామూలుగా భయం లేదు. బయట తినేటప్పుడు మాత్రం తాలింపు నెయ్యితో వేశారా అని అడగాలి.

పాలు మానేసిన తల్లికి కాల్షియం లోటు రాకూడదు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. నువ్వులు, మునగాకు, ముళ్లతో తినే చిన్న చేపలు మంచివి. బిడ్డకు పాలిచ్చే తల్లికి రోజుకు కావాల్సింది 1,000 మిల్లీగ్రాముల పైమాటే. రోజూ ఆహారంలోంచే అంతా అందడం కష్టం కనుక కాల్షియం మాత్ర, విటమిన్ డి డాక్టర్‌ను అడిగి వేసుకోండి.

ఫార్ములా తాగే బిడ్డైతే ప్రొటీన్‌ను బాగా చిన్న ముక్కలుగా చేసిన ఫార్ములా కావాలి. దాన్ని 'ఎక్స్‌టెన్సివ్‌లీ హైడ్రోలైజ్డ్' అంటారు. పది మందిలో తొమ్మిది మందికి ఇది సరిపోతుంది. మిగిలినవాళ్లకు, బాగా తీవ్రంగా ఉన్నవాళ్లకు అమైనో ఆమ్లాల ఫార్ములా. రెండూ ఖరీదే, అందుకే డాక్టర్ రాయకుండా కొనకండి. ఇవి చేదుగా, ఒక రకమైన వాసనగా ఉంటాయి. మూడు నెలల లోపు పిల్లలు పెద్దగా పట్టించుకోరు, ఆరు నెలలవాళ్లు మొండికేస్తారు. ఆలస్యంగా వచ్చే రకమైతే డాక్టర్‌ను అడిగి, పాత ఫార్ములాలో కొద్దికొద్దిగా కలుపుతూ నాలుగైదు రోజుల్లో పూర్తిగా మార్చవచ్చు. ఈ డబ్బా మొదలుపెట్టాక విరేచనం ఆకుపచ్చగా మారితే కంగారు పడకండి, అది దాని రంగు.

కొనకూడనివి: 'పార్షియల్లీ హైడ్రోలైజ్డ్' లేదా 'హెచ్ఏ' అని ఉన్న డబ్బా. అందులో ప్రొటీన్ ముక్కలు ఇంకా పెద్దవే, అలర్జీ ఉన్న బిడ్డకు అది మందు కాదు. మేకపాలు, గేదెపాలు, ఏ2 ఆవుపాలు కూడా పనికిరావు. ఆవుపాల ప్రొటీన్ పడని పిల్లల్లో చాలామందికి మేకపాలు, గేదెపాలు కూడా పడవు, ఆ ప్రొటీన్లు అంత దగ్గరి చుట్టాలు. ఏ2 అయితే ఆవుపాలే. కాచినంత మాత్రాన అలర్జీ పోదు. సోయా ఫార్ములా ఆరు నెలల లోపు సాధారణంగా ఇవ్వరు. బియ్యం కడుగు, సగ్గుబియ్యం నీళ్లు, బాదం పాలు బిడ్డకు పాల బదులు కావు.

5. మళ్లీ ఇచ్చి చూడటం

నన్నడిగితే మొత్తంలో అసలైన మెట్టు ఇదే. తగ్గిపోయింది కదా, మళ్లీ ఎందుకు కెలకడం అంటారు. కానీ కడుపునొప్పి ఏడుపు వయసుతో తగ్గుతుంది, ఇన్‌ఫెక్షన్ దానంతటదే తగ్గుతుంది. పాలు మానేసినందుకే తగ్గిందని తెలియాలంటే పాలు తిరిగి రాగానే లక్షణాలు తిరిగి రావాలి. అది చూడకుండా వదిలేస్తే ఒక తల్లి ఏడాది పాటు పెరుగు అన్నం లేకుండా, ఒక బిడ్డ ఖరీదైన డబ్బా మీద అనవసరంగా బతకాల్సి వస్తుంది.

వెంటనే వచ్చే రకం లక్షణాలు ఒక్కసారైనా కనిపించిన బిడ్డకూ, ఆగని వాంతుల రకానికీ ఇంట్లో ఈ పని వద్దు. తీవ్రమైన ఎగ్జిమా ఉన్న బిడ్డకు కూడా ముందు అలర్జీ పరీక్ష కావాలేమో డాక్టర్‌ను అడగండి. కొంతకాలం పాలకు దూరంగా ఉన్నాక ఇలాంటి కొందరిలో వెంటనే వచ్చే రకం బయటపడుతుంది.

మిగిలినవాళ్లకు పద్ధతి ఇది. తల్లిపాలైతే తల్లి వారం రోజులు మునుపటిలాగా పాలూ పెరుగూ తీసుకోవాలి. ఫార్ములా అయితే పొద్దుటి సీసాలో మాత్రమే మొదటి రోజు 30 మిల్లీలీటర్లు మామూలు ఫార్ములా, మిగతాది ప్రత్యేక ఫార్ములా. రెండో రోజు 60, మూడో రోజు 90, ఇలా రోజుకు 30 పెంచుతూ వారానికి ఆ ఒక్క సీసా మొత్తం మామూలు ఫార్ములా అయ్యేదాకా. లక్షణాలు తిరిగి వచ్చిన క్షణం ఆపేయండి, అక్కడికి జవాబు దొరికినట్టే. వారం గడిచినా ఏమీ రాకపోతే పాలు కారణం కాదు, అందరూ మామూలు తిండికి తిరిగి వెళ్లండి.

జ్వరం, జలుబు, టీకా వేసిన వారం, ఊరు ప్రయాణం, కొత్త మందు ఉన్నప్పుడు ఈ పరీక్ష పెట్టుకోకండి. ఫలితం గందరగోళం అవుతుంది.

ఒక పాప విషయం మొత్తంగా

ఉప్పల్ నుంచి ఒక అమ్మాయి పది వారాల పాపతో వచ్చింది. పుట్టినప్పుడు 3 కిలోలు, ఇప్పుడు 5.1. బరువు బ్రహ్మాండంగా ఉంది. ఏడో వారం దాకా తల్లిపాలే. తర్వాత సాయంత్రం ఒక సీసా ఫార్ములా మొదలుపెట్టారు. తొమ్మిదో వారం నుంచి రోజూ జిగురు, రెండు రోజులకోసారి రక్తపు దారాలు. మల పరీక్షలో రెడ్యూసింగ్ సబ్‌స్టెన్సెస్ పాజిటివ్ వచ్చిందని ఎవరో లాక్టోజ్ లేని డబ్బా ఇప్పించారు. వారం రోజులు పోశారు, రక్తం అలాగే ఉంది. విరేచనాల జబ్బు రాలేదు, నురగ లేదు, ఒరుపు లేదు, బుగ్గల మీద మాత్రం గరుకు మచ్చలు. అంటే చూడాల్సింది ప్రొటీన్ వైపు.

డాక్టర్‌తో మాట్లాడి సాయంత్రపు సీసా ఆపేశాం. ఆమెకు పాలు చాలినన్ని ఉన్నాయి కాబట్టి వేరే డబ్బా అక్కర్లేకపోయింది. తల్లి పాల పదార్థాలన్నీ మానేసింది. ఐదో రోజుకు జిగురు తగ్గింది, తొమ్మిదో రోజుకు రక్తం కనపడలేదు. పదమూడో రోజు మళ్లీ దారాల్లా రక్తం! ఇంట్లోవాళ్లు 'చూశావా, పాలు కాదు' అన్నారు. నేను పుస్తకం తెప్పించి చూశాను. పదకొండో రోజున 'పౌడర్' అని ఒక్క మాట రాసి ఉంది. బాలింతలకని అమ్మే పోషకాల పొడి, వాళ్ల అమ్మ తెచ్చిచ్చింది, నీళ్లలోనే కలుపుకుని తాగుతున్నానంది. డబ్బా వెనక రెండో పదార్థమే మిల్క్ సాలిడ్స్. అది ఆపాక నాలుగు రోజుల్లో మళ్లీ శుభ్రం. ఇరవై ఎనిమిదో రోజుకు బుగ్గలు కూడా నునుపయ్యాయి.

అప్పుడు తిరిగి పెట్టాం. మొదటి రోజు ఒక చాయ్, ఒక కప్పు పెరుగు. రెండో రోజూ అంతే. మూడో రోజు సాయంత్రం జిగురు, నాలుగో రోజు పొద్దున రక్తం. అంతటితో ఆపేశాం, ఆరు రోజుల్లో సర్దుకుంది. పౌడర్ దెబ్బ అనుకోకుండా జరిగిన పరీక్ష, చాయ్ పెరుగు పరీక్ష కావాలని చేసింది. రెండూ ఒకే మాట చెప్పాయి కాబట్టి ఇక అనుమానం లేదు.

6. తేలిన తర్వాత ఎంతకాలం

ప్రొటీన్ అలర్జీ అని ఖాయమైతే బిడ్డకు 9 నుంచి 12 నెలలు వచ్చేదాకా, లేదా కనీసం ఆరు నెలలపాటు పాలు దూరంగా ఉంచుతారు. ఆరో నెలలో అన్నం ముట్టించేటప్పుడు ఆలస్యం చేయకండి, క్షీరాన్నం మాత్రం వద్దు. అన్నప్రాశన నాడు పంతులుగారికి ముందే చెప్పి బెల్లపు అన్నం పెట్టించిన ఇళ్లు నాకు తెలుసు. ఇంట్లో చేసిన బియ్యం, పెసరపప్పు ఉగ్గు నీళ్లతో ఉడికించి పెట్టవచ్చు. షాపులో దొరికే ఉగ్గు పొడుల్లో చాలావాటిలో పాలపొడి ఉంటుంది, డబ్బా వెనక చదవండి. గుడ్డు, పల్లీలు, గోధుమ 'ఎందుకైనా మంచిది' అని ఆపేయకండి. పాలు పడకపోతే అవి కూడా పడవని కాదు.

ఆలస్యంగా వచ్చే, తేలికపాటి రకానికి పాలు తిరిగి పరిచయం చేయడం డాక్టర్ సరేనన్నాక మెట్లు మెట్లుగా జరుగుతుంది. మొదట పాలు కలిసి ఓవెన్‌లో బాగా కాలిన బిస్కెట్ సగం ముక్క. అది కొద్ది రోజులు పడితే ఒక బిస్కెట్. తర్వాత పాలతో చేసిన బన్ను లేదా కేకు. ఆ తర్వాత పాలు కలిపిన పిండితో పెనం మీద కాల్చిన అట్టు. ఆపైన పనీర్, పెరుగు, చివర్లో పాలు. ఎక్కువసేపు ఎక్కువ వేడిలో, పిండితో కలిసి కాలిన ప్రొటీన్‌ను చాలామంది ముందుగా తట్టుకుంటారు కాబట్టి ఈ వరుస. ఇంట్లో ముందుగా పెరుగన్నమే పెడదామంటారు, అది చివరి మెట్ల దగ్గరది.

ఒక మెట్టు దగ్గర జిగురు, రక్తం, ఎగ్జిమా వస్తే ఒక మెట్టు కిందకి దిగి అక్కడే ఆగండి. అక్కడిదాకా పడినవి మాన్పించకండి. రెండు మూడు నెలల తర్వాత పై మెట్టు మళ్లీ ప్రయత్నించండి. ఉప్పల్ పాపకు పదకొండో నెలలో బిస్కెట్, బన్ను పడ్డాయి, అట్టు దగ్గర బుగ్గలు ఎర్రబడ్డాయి. మూడు నెలలు బన్ను దగ్గరే ఉన్నారు. పద్నాలుగో నెలలో అట్టు పడింది, పెరుగు దాకా వచ్చేసరికి ఇంకో రెండు నెలలు పట్టింది.